లైవ్‌లో అమ్మడం – 5వ పాఠం: రాసిందే నోటితో చెప్పడం

పోయిన పాఠంలో ఒక బ్యాక్‌ప్యాక్‌కి లిస్టింగ్ రాసుకున్నాం. ఇవాళ దాన్ని ఎదురుగా పెట్టుకుని, లైవ్‌లో ఒక నిమిషంలో చెప్పగలిగే స్క్రిప్ట్ తయారుచేద్దాం. మన లిస్టింగ్ ఇది:

నేవీ బ్లూ బ్యాక్‌ప్యాక్. ఎత్తు 46, వెడల్పు 30, మందం 16 సెం.మీ. సుమారు 22 లీటర్లు. పాలిస్టర్ బట్ట. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ పడుతుంది. చిరుజల్లుకు తట్టుకుంటుంది, వాటర్‌ప్రూఫ్ కాదు. రెయిన్ కవర్ రాదు. జిప్‌కు 6 నెలల వారంటీ. ట్యాగ్ తీయకపోతే 7 రోజుల్లోపు వాపసు.

దీన్ని ఉన్నదున్నట్టు చదివితే ఎవరికీ ఎక్కదు. చదివేవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంటారు, వినేవాళ్లకి ఆ వీలు ఉండదు. "నలభై ఆరు, ముప్పై, పదహారు" అని వరసగా చెబితే మూడో అంకె వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. అందుకే ఒక కొలతని కంటికి చూపించి, మిగతావి దాని వెనకాలే చెప్పాలి. ఏ4 కాగితం పొడవు 29.7 సెం.మీ., అంటే దాదాపు మన బ్యాగు వెడల్పే. కాగితం అడ్డంగా ఆనించి చూపిస్తే పని అయిపోతుంది.

ల్యాప్‌టాప్ అంకెతో ఇంకో చిక్కుంది. 15.6 అంగుళాలంటే స్క్రీన్ ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉన్న కొలత. దాన్ని బ్యాగు వెడల్పు అనుకునేవాళ్లు ప్రతి లైవ్‌లోనూ ఉంటారు. కాబట్టి నిజం ల్యాప్‌టాప్ ఒకటి అందులో పెట్టి, జిప్ వేసి చూపించండి.

ఇక అసలు ప్రమాదం వాన దగ్గర. నేను ఒకసారి లైవ్‌లో ఇలాంటి బ్యాగు మీద గ్లాసుడు నీళ్లు పోశాను. నీళ్లు జారిపోయాయి. ఆ ఊపులో "వానొచ్చినా మీకు టెన్షన్ లేదు" అనేశాను. లిస్టింగ్‌లో మాత్రం చిరుజల్లు అనే ఉంది. తర్వాత ఒకావిడ తడిసిన పుస్తకాల ఫోటో పంపి, నా వీడియోలో ఆ ముక్క వచ్చే నిమిషంతో సహా చూపించారు. వాపసు తీసుకోక తప్పలేదు. బట్ట మీద నీళ్లు జారినా కుట్ల రంధ్రాల్లోంచీ జిప్ పళ్ల మధ్య నుంచీ లోపలికి వెళ్తాయి. గ్లాసుడు నీళ్లలో అది బయటపడదు. "కాదు", "రాదు" అని రాసిన ముక్కలే లైవ్‌లో ముందుగా జారిపోతాయి, వాటి కింద గీత గీసుకోండి.

అంకెలు అక్షరాల్లో రాసుకోండి, నోరు తడబడదు. నా స్క్రిప్ట్ ఇలా వచ్చింది:

"ఇది నేవీ బ్లూ బ్యాక్‌ప్యాక్. ఇక్కడ లైటుకి కాస్త లేతగా కనిపిస్తోంది, అసలు రంగు ఇంకొంచెం ముదురు. ఇదిగో ఏ4 కాగితం, అడ్డంగా పెడితే బ్యాగు వెడల్పుకి సరిపోయింది. ముప్పై సెంటీమీటర్లు. ఎత్తు నలభై ఆరు, మందం పదహారు. సుమారు ఇరవై రెండు లీటర్లు. పదిహేను పాయింట్ ఆరు ఇంచుల ల్యాప్‌టాప్ పడుతుంది, పెట్టి చూపిస్తున్నా చూడండి. బట్ట పాలిస్టర్. చిరుజల్లుకి పర్వాలేదు. జోరువానలో లోపల తడుస్తుంది, ఇది వాటర్‌ప్రూఫ్ కాదు. రెయిన్ కవర్ రాదు. జిప్‌కి ఆరు నెలల వారంటీ. వద్దనుకుంటే ఏడు రోజుల్లోపు వెనక్కి పంపొచ్చు, ట్యాగ్ మాత్రం తీయకండి. ధర ____, ఇంకా ____ ఉన్నాయి."

రంగు గురించిన రెండో ముక్క లిస్టింగ్‌లో లేదు, నిజమే. అది బ్యాగు గురించి కాదు, కెమెరా చేసిన తేడా గురించి. మీ లైటు కింద రంగు ముదురుగా కనిపిస్తుంటే ఆ మాట తిప్పి చెప్పాలి. ధర, స్టాకు మాత్రం ఖాళీగా ఉంచాను. అవి రోజూ మారతాయి కాబట్టి లైవ్ మొదలయ్యే ముందు లిస్టింగ్ తెరిచి, అక్కడున్నదే నింపాలి. పాత కాగితం చూసి చదివి ఇరుక్కున్నవాళ్లు చాలామంది.

ఫోన్‌లో టైమర్ పెట్టి, వస్తువు చూపిస్తూ చదవండి. నిమిషం దాటితే పొగడ్తలు తీసేయండి, గీత గీసిన ముక్కల జోలికి వెళ్లొద్దు. లైవ్‌లోకి జనం మధ్యలో వస్తూ పోతూ ఉంటారు. ఒక్క నిమిషంలో అయిపోతేనే కొత్తగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పగలం.

ఈసారి అభ్యాసం: మీ స్క్రిప్ట్ రికార్డు చేసి, లిస్టింగ్ చూడని ఒకరికి వీడియో లేకుండా గొంతు మాత్రమే వినిపించండి. విన్నది కాగితం మీద రాయమనండి. ఆ కాగితాన్ని లిస్టింగ్ పక్కన పెట్టి తేడాలు గుర్తుపెట్టుకోండి. వచ్చే పాఠంలో, కామెంట్లో ఎవరైనా లిస్టింగ్‌లో లేని ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో చూద్దాం.