కాగితాల్లో 'ఫలానావారి భార్య' అని మాత్రమే ఉన్న తాతమ్మ పుట్టింటిపేరు కనుక్కోవడం ఎలా?

వంశవృక్షం రాసేటప్పుడు తండ్రి వైపు ఏడు తరాలు గడగడా వస్తాయి. తాతమ్మ దగ్గరికి వచ్చేసరికి పేరు ఒక్కటే మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పట్టాలో, దస్తావేజులో, ఓటర్ల జాబితాలో అన్నిచోట్లా 'భార్య' అనే ఉంటుంది. 1951-52 తొలి సాధారణ ఎన్నికల జాబితాల నుంచి సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తొలగించారు. వాళ్లు ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అనే తప్ప సొంత పేరు నమోదు చేయించుకోలేదు. ఇందులో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే అయినా, మన కాగితాల అలవాటూ దీనికి మరీ దూరం కాదు.

ఆమెను భార్యగా చూపించే కాగితాలు ఎన్ని తిరగేసినా పుట్టిల్లు దొరకదు. ఆమె కూతురుగా, అక్కచెల్లెలుగా, ఒకరి తల్లిగా నిలబడిన చోట వెతకాలి. ఇది ముఖ్యంగా కోస్తా జిల్లాల కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తెలంగాణలో రెవెన్యూ రికార్డుల పేర్లు వేరు (అక్కడ 1954-55 ఖాస్రా పహాణీ మొదట చూడాలి), వెతికే పద్ధతి మాత్రం ఇదే.

సమస్య: దస్తావేజు దొరికింది, కానీ అందులో భర్త పేరు తప్ప ఏమీ లేదు

కారణం చాలాసార్లు ఒక్కటే. ఆ దస్తావేజులో ఆమె కొన్నవారు. కొనేవారు ఎవరో గుర్తుపట్టడానికి భర్త పేరు, ఊరు చాలు. ఆమెకు ఆస్తి ఎలా వచ్చిందో చెప్పాల్సిన అవసరం అక్కడ రాదు.

పరిష్కారం, ఆమె అమ్మిన, తాకట్టు పెట్టిన, లేదా పిల్లలకు రాసిచ్చిన దస్తావేజు వెతకడం. అప్పుడు ఆ భూమి తనకు ఎలా సంక్రమించిందో రాయక తప్పదు. 'నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చిన' అనే మాట ఉందంటే తండ్రి పేరు, ఇంటిపేరు, ఆ పాత దస్తావేజు తేదీ ఆ పక్కనే ఉండే అవకాశం ఎక్కువ. చాలామంది హద్దులు, సర్వే నంబర్లు చదివి కాగితం మడిచేస్తారు. మొదటి పేజీలోని ఈ సంక్రమణ వాక్యమే మనకు కావలసింది.

తర్వాత వెనక పేజీ తిప్పండి. రిజిస్ట్రారు ముందు ఆమెను నిరూపించినవారి పేర్లు అక్కడ ఉంటాయి. ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చినప్పుడు తోడుగా వచ్చి నిరూపించేది సాధారణంగా దగ్గరివాళ్లే. భర్త ఇంటిపేరు కాని వ్యక్తి, భర్త ఊరు కాని ఊరినుంచి వచ్చి ఉంటే అతను ఆమె అన్నో తమ్ముడో అయ్యుండొచ్చు. ఇది రుజువు కాదు. ఏ ఊరివైపు వెళ్లాలో చెప్పే ఆనవాలు మాత్రమే.

భర్త కుటుంబానికి ఏ సంబంధమూ లేని ఊళ్లో ఆమె పేరున ఎకరమో అరెకరమో ఉంటే కూడా అంతే. పసుపు కుంకుమల భూమి మామూలుగా పుట్టింటివారి ఊళ్లోనే ఉంటుంది.

సమస్య: ఈసీలో ఆమె పేరే రావడం లేదు

ఈసీ అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే ధ్రువపత్రం. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీలు సాధారణంగా 1983 తర్వాతి లావాదేవీలకే. పైగా ఈసీ ఆస్తిని బట్టి వెతుకుతుంది, మనిషిని బట్టి కాదు. సర్వే నంబరు తెలియకపోతే అక్కడే ఆగిపోతాం.

దీనికి రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే మందు ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లతో ఒకటో ఇండెక్స్ విడిగా ఉంటుంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్నీ, దాని ఇండెక్సునూ ఫీజు కట్టి ఎవరైనా చూడమని అడగవచ్చు. వీలునామాలు ఎక్కే మూడో పుస్తకం అలా కాదు. దాని నకలుకు పరిమితులున్నాయి కాబట్టి అందులో ఉందని తెలిసినా వెంటనే చేతికి రాదు.

వెతికించేటప్పుడు ఆమె పేరు ఒక్కటే ఇస్తే ఫలితం ఉండదు. సుబ్బమ్మలూ లక్ష్మమ్మలూ ప్రతి పేజీలోనూ ఉంటారు. తండ్రి పేరు, ఓ పదేళ్ల వ్యవధి, ఊరు ఈ మూడూ ముందే సంపాదించుకుని వెళ్లాలి. ఆ ఊరు అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో కూడా అడగాలి. ఆఫీసుల పరిధులు మారుతూ వచ్చాయి.

తండ్రి పేరే తెలియనప్పుడు

ఇక్కడే ఆమె పిల్లల కాగితాలు అక్కరకొస్తాయి. తద్దినాలు పెట్టే ఇళ్లలో కొడుకు రాసుకున్న తర్పణాల పుస్తకం ఉంటే అది బంగారం. తర్పణంలో తండ్రి వైపు మూడు తరాలతోపాటు మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత గోత్రనామాలతో వస్తారు. కొడుకుకు మాతామహుడంటే మన తాతమ్మకు తండ్రి. పెళ్లితో ఆమె గోత్రం మారిపోయినా, కొడుకు పుస్తకంలో పుట్టింటి గోత్రం అలాగే ఉంటుంది. ఇంటిపేరు మాత్రం అందులో ఉండదు, దానికి ఇంకో ఆధారం కావాలి. పుస్తకం ఎవరి చేతిరాతో తప్పకుండా చూసుకోండి. మనవడు రాసుకున్నదైతే మాతామహుడు ఒక తరం కిందికి దిగి, అతని తల్లికి తండ్రి అవుతాడు.

ఈ పద్ధతి అన్ని కులాల్లోనూ లేదు. లేని ఇళ్లలో కూతురి పెళ్లి చదివింపుల పుస్తకం చూడండి. మేనమామ పేరు, ఊరు మొదటి పేజీల్లోనే ఉంటుంది. తల్లికి అన్నదమ్ముడే కదా మేనమామ, ఆయన ఇంటిపేరే ఆమె పుట్టింటిపేరు. పుస్తకాలు పోయినా 'మీ అమ్మను పెళ్లిపీటల మీదికి తెచ్చిన మేనమామ ఎవరు?' అని పెద్దవాళ్లను అడిగితే జవాబు వస్తుంది. 'మీ అమ్మమ్మ పుట్టింటిపేరేంటి?' అంటే గుర్తులేదనేవాళ్లు కూడా ఈ ప్రశ్నకు ఊరితో సహా చెబుతారు.

ఇంకోటి, తొలి కాన్పు. అది పుట్టింట్లో జరిగే ఆచారం మనది. పెద్ద కొడుకో పెద్ద కూతురో పుట్టిన ఊరు తండ్రి ఊరు కాకుండా వేరేదైతే, అది తల్లి పుట్టిల్లు కావడానికే ఎక్కువ అవకాశం. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కాబట్టి అత్తవారి ఊరి రిజిస్టర్లో పెద్దబిడ్డ కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు. రెండో, మూడో బిడ్డలు అక్కడ ఉండి పెద్దబిడ్డ ఒక్కరే లేకపోవడం కూడా మనకు ఒక ఆధారమే.

ఒక ఉదాహరణ, మొదటినుంచి చివరిదాకా

పేర్లు ఊహించినవే. తెనాలి దగ్గరి ఊళ్లో కొండూరు రామయ్యగారి భార్య వెంకటసుబ్బమ్మ అనుకుందాం. చేతిలో ఉన్నది 1941 నాటి కొనుగోలు దస్తావేజు ఒక్కటే, అందులో భర్త పేరు తప్ప లేదు. కొడుకు తర్పణాల పుస్తకంలో మాతామహుడు సీతారామయ్య, భారద్వాజ గోత్రం. పెద్ద కొడుకు పుట్టింది రేపల్లె దగ్గర అని ఇంట్లో చెప్పుకుంటారు, మిగతా పిల్లలంతా తెనాలి వైపే పుట్టారు. ఇప్పుడు తండ్రి పేరూ, ఊరూ వచ్చాయి, ఇంటిపేరు ఇంకా లేదు.

కాలం తేల్చుకోవాలి. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. సీతారామయ్యగారు ఆ తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే కూతుళ్లకూ వాటా ఉంటుంది. కొడుకులు భూమి అమ్మినా పంచుకున్నా అక్కచెల్లెళ్ల సంతకాలు అడుగుతారు. అందుకని రేపల్లె ఆఫీసులో 1956 నుంచి పదిహేనేళ్ల ఇండెక్స్ వెతికిస్తాం. హక్కు విడుదల దస్తావేజు ఒకటి దొరుకుతుంది. అందులో 'కీర్తిశేషులు వేమూరి సీతారామయ్యగారి కుమార్తె, కొండూరు రామయ్యగారి భార్య వెంకటసుబ్బమ్మ' అని ఉంది. తండ్రి పేరు తర్పణాల పుస్తకంతో, భర్త పేరు 1941 దస్తావేజుతో కలిశాయి. ఈ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కావు. అందుకే వేమూరివారి ఆడపడుచు అని ఇప్పుడు ధైర్యంగా రాయవచ్చు.

తండ్రి 1956కు ముందే పోయి, కొడుకులు ఉండి ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. ఆమె సంతకం ఎవరికీ అవసరం లేదు. అప్పుడు పసుపు కుంకుమల దానపత్రం మీద ఆశ పెట్టుకోవాలి. కొడుకులు లేని తండ్రి అయితే మళ్లీ అవకాశం ఉంది, ఆస్తి కూతుళ్లకే వచ్చి ఉండొచ్చు.

సమస్య: కోడలి పుట్టింటిపేరూ అల్లుడి ఇంటిపేరూ ఒకటే వస్తున్నాయి

ఇది చిక్కుముడిలా కనిపిస్తుంది కానీ చాలాసార్లు జవాబు ఇందులోనే ఉంటుంది. మేనరికం జరిగి ఉంటుంది. తాతమ్మ తన కూతురిని తమ్ముడికిచ్చినా, అన్న కొడుక్కిచ్చినా అల్లుడి ఇంటిపేరే ఆమె పుట్టింటిపేరు. అన్న కూతురిని కోడలిగా తెచ్చుకున్నా అంతే.

తొందరపడకూడదు. కోడలు మామగారి చెల్లెలి కూతురు కూడా కావచ్చు, అదీ మేనరికమే. అప్పుడు కోడలి పుట్టింటిపేరు ఆ చెల్లెలి అత్తవారిది, తాతమ్మ పుట్టింటితో దానికి సంబంధం ఉండనక్కర్లేదు. తేల్చడానికి ఒక ప్రశ్న చాలు. పెళ్లికి ముందు ఆ కోడలికి రక్తసంబంధం ఎవరితో, అత్తగారితోనా మామగారితోనా? అత్తగారు సొంత మేనత్త అయితే దారి సరైనదే. మామగారు సొంత మేనమామ అయితే ఆ ఇంటిపేరు పక్కన పెట్టేయండి. కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో రెండూ నిజం కావచ్చు.

సమస్య: ఒకే భర్త, రెండు పేర్ల భార్య

1925 కాగితంలో రామలక్ష్మమ్మ, 1941లో వెంకటసుబ్బమ్మ. భర్త, ఊరు అవే. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటైనప్పుడు కోడలి పేరు మార్చి పిలవడం కొన్ని ఇళ్లలో ఉంది కాబట్టి ఒకే మనిషి కావచ్చు. మొదటి భార్య పోయాక చేసుకున్న రెండో భార్య కూడా కావచ్చు, ఆ రోజుల్లో కాన్పుల్లో ప్రాణాలు పోవడం తక్కువేమీ కాదు.

వయసు చూస్తే తెలుస్తుంది. 1941లో ఆమె వయసు ముప్పై అని ఉండి, పెద్ద కొడుక్కి ఇరవై నాలుగేళ్లయితే ఆమె అతని తల్లి కాదు. వయసు రాయకపోతే పిల్లల మధ్య ఎడం చూడండి. రెండేళ్లకొకరు చొప్పున పుట్టి, మధ్యలో ఏడెనిమిదేళ్లు ఖాళీ వస్తే అడగాల్సిన చోటు అదే. ఆ ఇంట్లో తద్దినాలు ఏ ఏ తిథుల్లో పెట్టేవారో కనుక్కుంటే, ఇద్దరు తల్లులకు వేర్వేరు తిథులు ఉన్న సంగతి బయటపడుతుంది.

ఇక్కడ జాగ్రత్త తప్పితే వృక్షంలో ఒకరి పిల్లల్ని ఇంకొకరి పుట్టింటికి అతికించేస్తాం. చనిపోయిన భార్య చెల్లెలినే రెండోసారి చేసుకుని ఉంటే పుట్టిల్లు మారదు, పిల్లల తల్లి మాత్రం మారుతుంది. అది తేలేదాకా ఇద్దరినీ విడివిడి గళ్లలోనే ఉంచి, ఏ బిడ్డ ఎవరి బిడ్డో తెలియదని పక్కన రాసిపెట్టండి.