జీరో బేస్డ్ బడ్జెట్: ఒకటో తేదీకి ముందే చూసుకోవలసినవి

నెల మధ్యలో డబ్బు చాలకపోతే చాలామంది తమ ఖర్చు అలవాట్లనే తప్పుపడతారు. నిజానికి ఈ పద్ధతిలో లెక్క ఎక్కువగా తప్పేది బడ్జెట్ రాసిన రోజే. ఆదాయం మొత్తానికి ముందుగానే పని అప్పగించి, ‘ఇంకా పంచవలసినది’ అన్న గడిలో సున్నా వచ్చేదాకా రాయాలి. అంటే అప్పుడు జరిగిన పొరపాటును సరిదిద్దడానికి పక్కన మిగిలిన సొమ్మేమీ ఉండదు. అందుకే నెలాఖరులో పుస్తకం తెరిచినప్పుడే జాగ్రత్త పడాలి.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. సున్నా కావలసింది పంచని సొమ్ము, బ్యాంకు నిల్వ కాదు. పొదుపు, అత్యవసర నిధి, వచ్చే ఏడాది బీమా, అన్నీ ‘పనులే’. ఆ సొమ్ము ఖాతాలోనే ఉంటుంది, కాకపోతే దాని మీద పేరు రాసి ఉంటుంది.

నెలకు 40,000 వచ్చే ఒక ఇంటి లెక్క చూద్దాం, ఒక్కో ఖర్చుకు ఒక్కో గడి చొప్పున. అద్దె 12,000, ఇంటి సరుకులు 8,000, అప్పు వాయిదా 6,000, కరెంటు, నీళ్లు, ఫోను కలిపి 3,000, ప్రయాణాలు 3,000, మందులు 1,500, సొంత ఖర్చులు 1,500, అనుకోని ఖర్చులకు 2,000. ఇవి 37,000. ఇంకా 3,000 పంచాలి.

ఇక్కడే నేను మొదటి ఏడాది పొరబడ్డాను. ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం 12,000. దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 1,000 చొప్పున రాసుకున్నాను. లెక్క ముచ్చటగా కుదిరింది. కానీ ప్రీమియం గడువు నాలుగు నెలల్లోనే ఉంది. ఆ రోజు వచ్చేసరికి నా దగ్గర పోగైంది 4,000, తక్కువ పడింది 8,000. భాగించవలసింది పన్నెండుతో కాదు, గడువుకు మిగిలిన నెలలతో. అలా చూస్తే నెలకు 3,000 కావాలి, పై లెక్కలో మిగిలినది సరిగ్గా అంతే. కాబట్టి రాసే ముందు గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, నెలనెలా రాని ఖర్చులన్నీ వెతకండి. ఒక్కోదాని పక్కన మొత్తం, గడువు, మిగిలిన నెలలు రాయండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా దాటవేయకండి. ఈ పద్ధతిని నిలబెట్టేది ఆ జాబితాయే.

రెండో జాగ్రత్త, ఇంకా రాని సొమ్మును పంచకపోవడం. జీతం నిలకడగా వచ్చేవారికి దీనితో పెద్ద ఇబ్బంది లేదు. ఆదాయం నెలనెలా మారేవారు మాత్రం చేతికి అందినంతే పంచాలి. ఖర్చులను ప్రాధాన్యం వరుసలో రాసుకుని, డబ్బు వచ్చినకొద్దీ పైనుంచి కిందికి నింపుకుంటూ రావాలి. రావలసిన బాకీని నమ్ముకుని సొంత ఖర్చుల గడి నింపితే, ఆ బాకీ ఆలస్యమైనప్పుడు అద్దె గడి ఖాళీ అవుతుంది.

క్రెడిట్ కార్డు వాడేవారికి మరో చిక్కు ఉంది. కార్డుతో 2,500 సరుకులు కొంటే ఖాతాలో నిల్వ తగ్గదు. అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే రోజు సరుకుల గడిలోంచి 2,500 తీసి ‘కార్డు చెల్లింపు’ గడిలో వేయాలి. అలా చేస్తే బిల్లు వచ్చేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. పాత బకాయి ఉంటే దానికి వేరే గడి పెట్టండి. రెండూ కలిపితే అప్పు తగ్గుతోందో పెరుగుతోందో తెలియదు.

లెక్క దారి తప్పిందని తెలుసుకోవడానికి వారానికోసారి ఒక కూడిక చాలు. గడులన్నింటిలో మిగిలినది కలిపితే, ఖాతాలోని నిల్వకూ చేతిలోని నగదుకూ సమానం కావాలి. గడుల్లో 17,400 ఉండి, ఖాతా, నగదు కలిపి 16,900 ఉంటే, ఏదో 500 ఖర్చు రాయలేదన్నమాట. చాలాసార్లు అది తనంతట తానే కోత పడే ఏదో చందా అవుతుంది. ఖాతాలో ఎక్కువ కనిపిస్తే సంబరపడకండి. మీరు చెల్లించినట్టు రాసుకున్నది ఇంకా అవతలివారికి చేరలేదేమో చూడండి.

ఒక గడి దాటిపోతే, కరెంటు బిల్లు 700 ఎక్కువ వచ్చిందనుకోండి, ఆ రోజే అనుకోని ఖర్చుల్లోంచి 700 తెచ్చి పూడ్చండి. వచ్చే నెల చూద్దామని వదిలేస్తే, ఆ 700 వచ్చే నెల సొమ్ములోంచి చెప్పకుండా పోతుంది.

ప్రీమియం కట్టేశాక ఐదో నెల బడ్జెట్ రాసేటప్పుడు పాత కాగితాన్ని అలాగే ఎక్కించకండి. తర్వాతి గడువుకు ఇప్పుడు పన్నెండు నెలలుంది కాబట్టి బీమా గడికి 1,000 సరిపోతుంది. విడుదలైన 2,000కి కొత్త పని రాయకపోతే, అది మూడో వారానికల్లా పేరు లేని ఖర్చుల్లో కలిసిపోతుంది. నేను దాన్ని వచ్చే నెల అద్దె గడిలో వేయడం మొదలుపెట్టాను. ఆరు నెలలకు ఒక నెల అద్దె ముందుగానే సిద్ధమైంది.