వానకాలం సరుకు దించే ముందు: మెడికల్ షాపు అరల్లో ఎక్స్‌పైరీ జాగ్రత్తలు

మహారాష్ట్రలోని సిరోంచ వైపు మెడికల్ షాపు నడిపేవాళ్లు జూన్‌లో ఒకేసారి ఎక్కువ సరుకు దించుకుంటారు. ప్రాణహిత, గోదావరి పొంగితే రోడ్లు ఎన్నాళ్లు మూసుకుంటాయో చెప్పలేం. 2022 జూలైలో ఆ వరద ఎలా ఉంటుందో అందరం చూశాం. అందుకే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందులు రెండు మూడు నెలలకు సరిపడా తెప్పించుకోవడం మంచిదే. అయితే ఆ పెట్టెలు అరల్లోకి ఎక్కే రోజున ఎక్స్‌పైరీ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

ముందొచ్చింది ముందు పోవాలన్న పద్ధతి మనందరికీ తెలుసు. కొత్త సరుకు వెనక, పాతది ముందు పెడతాం. మందుల విషయంలో అదొక్కటే చాలదు. స్టాకిస్టు దగ్గర ఎప్పటినుంచో ఉన్న బ్యాచ్, స్కీమ్ కింద చవగ్గా, మన దగ్గరికి ఆలస్యంగా రావచ్చు. అది నిన్న దిగినా దాని గడువు మన పాత సరుకుకన్నా ముందే తీరిపోతుంది.

పిల్లల పారాసిటమాల్ సిరప్‌నే తీసుకోండి. మార్చిలో వచ్చిన బ్యాచ్‌లో 40 సీసాలు మిగిలాయి, వాటి గడువు నవంబరు. జూన్ మొదట్లో మరో 30 వచ్చాయి, వాటి గడువు ఆగస్టు. నెలకు 20 సీసాలు పోతాయనుకుందాం. వచ్చిన వరుసలో అమ్మితే పాతవి జూలై చివరికి అయిపోతాయి. కొత్తవాటిలో ఆగస్టులో 20 పోయి, నెలాఖరుకు 10 మిగిలిపోతాయి. గడువు వరుసలో అమ్మితే ఆ 30 జూలై మధ్యకల్లా ఖాళీ అవుతాయి, మార్చివి సెప్టెంబరు మధ్యకు పూర్తవుతాయి. ఒక్క సీసా కూడా పారేయక్కర్లేదు. కాబట్టి అరలో ముందుండాల్సింది గడువు ముందు తీరేది. రెండు బ్యాచ్‌ల గడువు ఒకటే అయినప్పుడే వచ్చిన తేదీ చూడండి.

ఇది కంప్యూటర్‌లో పెట్టుకునే స్టాక్ షీట్‌లో తేలాలంటే ఒక మందుకు ఒక వరుస పెడితే కుదరదు. ప్రతి బ్యాచ్‌కూ విడిగా ఒక వరుస ఉండాలి: మందు పేరు, బ్యాచ్ నంబరు, వచ్చిన తేదీ, గడువు, ఎన్ని ఉన్నాయి. రెండు బ్యాచ్‌ల సీసాలు కలిపి 70 అని రాసిన రోజునే పై లెక్క చెడిపోతుంది.

గడువు రాయడంలో ఒక చిక్కుంది, ఇక్కడే చాలామంది షీట్లు తప్పుతాయి. పెట్టె మీద 08/26 అని ఉంటే అలాగే కొట్టకండి. కంప్యూటర్ దాన్ని వేరే తేదీగా తీసుకోవచ్చు, లేదా ఉత్త అక్షరాలుగా ఉంచేయొచ్చు. అక్షరాలుగా ఉంటే 01/27 అన్నది 08/26 కన్నా పైకొచ్చి, వరుసే తలకిందులవుతుంది. నెల మొదటి తేదీగా 2026-08-01 అని కొట్టండి. అనుమానం ఉంటే పక్క గడిలో `=ISNUMBER(D2)` పెట్టి చూడండి. FALSE వచ్చిందంటే అది తేదీ కాదు. లేబుల్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా మందు పనికొస్తుంది కాబట్టి మిగిలిన రోజులు ఇలా వస్తాయి:

```
=EOMONTH(D2,0)-TODAY()
```

గడువు కాలమ్ మీద చిన్నది పైకి వచ్చేలా సార్ట్ చేస్తే ఆ వారం ఏ పెట్టె ముందుకు జరపాలో కనిపిస్తుంది.

అయితే మిగిలిన రోజులు సున్నా అయ్యేదాకా అమ్మొచ్చని కాదు. బీపీ గోలీలు నెలకు సరిపడా కొనుక్కెళ్లే పెద్దమనిషి ఆగస్టు 20న తీసుకుంటే, ఆగస్టు గడువున్నవి ఆయన చేతిలోనే గడువు దాటతాయి. అందుకని ఎన్ని రోజుల మందు ఇస్తున్నామో కనీసం అన్ని రోజులు షీట్‌లో మిగిలి ఉండాలి. లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వానల్లో మళ్లీ వెంటనే రాలేరు, వాళ్లకిచ్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ చూడండి.

పట్టీ కత్తిరించేటప్పుడు బ్యాచ్, గడువు అచ్చయిన చివరను ముట్టుకోకండి, రెండో వైపు నుంచి కత్తిరించండి. మిగిలిన ముక్కను దాని పెట్టెలోనే తిరిగి పెట్టాలి. ఏ బ్యాచ్‌దో తెలియని ముక్కలు ఒక డబ్బాలో చేరితే షీట్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

గడువు దాటింది అమ్మడం చట్టం ఒప్పుకోదు, అరలో ఉంటే రద్దీలో ఎవరో ఒకరు తీసి ఇచ్చేస్తారు. దానికి వేరే పెట్టె పెట్టి, పనిచేసే కుర్రాళ్లందరికీ అర్థమయ్యేలా తెలుగులోనూ, 'ముదత్ సంపలీ' అని మరాఠీలోనూ రాయండి. వాపసు ఎన్నాళ్ల ముందు తీసుకుంటారో ఒక్కో స్టాకిస్టుకు ఒక్కో తీరు. సరుకు కొనేటప్పుడే అడిగి, ఆ తేదీని షీట్‌లో ఇంకో గడిలో పెట్టండి. వాపసు తేదీ జూలై, ఆగస్టుల్లో పడేవాటిని జూన్‌లో వెళ్లే బండికే ఎక్కించండి, ఆ తర్వాత దారి దొరక్కపోవచ్చు.