ఇంటి అడ్వాన్సు కట్టే ముందు యూపీఐ, ఏటీఎం లిమిట్లు ఎలా మార్చుకోవాలి?

బెంగళూరులో ఇల్లు మారేవాళ్ళు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. ఓనరు ఎదురుగా కూర్చుని యూపీఐలో లక్షన్నర కొడతారు, వెళ్ళదు. వెంటనే ఇంకో యాప్ తెరిచి అదే బ్యాంకు ఖాతా నుంచి మళ్ళీ కొడతారు. అదీ వెళ్ళదు. యాప్ మారిస్తే లిమిట్ మారదండీ. రోజు లెక్క మీ బ్యాంకు ఖాతాకు సంబంధించింది. ఏ యాప్ నుంచి పంపినా అన్నీ కలిపే లెక్కేస్తారు.

మా అక్క కొడుకు మొన్న మారతహళ్ళిలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు తీసుకున్నాడు. అద్దె 30,000, అడ్వాన్సు ఐదు నెలలది, అంటే 1,50,000. బ్రోకరుకు ఒక నెల అద్దె, అదీ క్యాష్‌లోనే కావాలన్నాడు. ఈ లెక్కతోనే చెబుతాను.

కావలసినవి: బ్యాంకు సొంత యాప్, ఖాతాకు జతైన సిమ్ ఉన్న ఫోను, డెబిట్ కార్డు. అంతే. ఒక్క మాట, ఇల్లు మారే వారంలో ఫోను మార్చకండి. కొత్త ఫోనులో యూపీఐ మొదలుపెడితే మొదటి 24 గంటలు 5,000కు మించి పంపనివ్వరు. ఐఫోన్‌లో ఇంకా ఎక్కువసేపు కూడా ఆపుతారు.

ముందు యూపీఐ సంగతి

ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి యూపీఐలో రోజుకు లక్ష రూపాయలే. ఇది యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పెట్టిన గీత. మీ బ్యాంకు ఇంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు, ఎక్కువ ఇవ్వలేదు. కాబట్టి లక్షన్నర కోసం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి బతిమాలడం దండగ. ఆసుపత్రి బిల్లు, కాలేజీ ఫీజు 5 లక్షల దాకా యూపీఐలో వెళ్తున్నాయి కదా అని అడుగుతారు. అవి వెళ్ళేది ధ్రువీకరించిన సంస్థలకు. మీ ఓనరు సొంత ఫోన్ నంబరుకు ఆ వెసులుబాటు లేదు.

లక్ష ఇవాళ, యాభై వేలు రేపు అని రెండు ముక్కలు చేసేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. అర్ధరాత్రి దాటగానే లిమిట్ మళ్ళీ మొదటికి వస్తుందనుకుంటారు, కానీ చాలాచోట్ల మొదటి చెల్లింపు నుంచి 24 గంటలు లెక్కేస్తారు. పొద్దున్నే కొట్టి, వెళ్ళక, మళ్ళీ టెన్షన్. యూపీఐలో ఒక్క రూపాయి పంపి పేరు సరిచూసుకోండి, మిగతాదంతా బ్యాంకు యాప్ నుంచే ఐఎంపీఎస్ లేదా నెఫ్ట్‌లో పంపండి. ఐఎంపీఎస్‌లో 5 లక్షల దాకా వీలుంది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి ఆదివారం, అర్ధరాత్రి కూడా నడుస్తోంది. ఓనరు ఖాతాను మాత్రం రెండు రోజుల ముందే యాప్‌లో చేర్చండి, ఎందుకంటే కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులు చాలా ఉన్నాయి. మా వాడు అలాగే శుక్రవారం చేర్చాడు, ఆదివారం పంపాడు. యూపీఐ లిమిట్ ముట్టుకోనే లేదు.

మామూలు రోజుల్లో యూపీఐకి లక్ష దేనికి? కూరగాయలు, ఆటో, కరెంటు బిల్లు ఎంత చేసినా పది వేలు దాటవు. మీ బ్యాంకు యాప్‌లో యూపీఐ లిమిట్ తగ్గించే చోటు ఉంటే పది వేలకు దించి ఉంచండి. లేకపోతే యూపీఐకి వేరే చిన్న ఖాతా జతచేసి, జీతం ఖాతాను యూపీఐ నుంచి తీసేయండి.

ఇప్పుడు ఏటీఎం, అసలు జాగ్రత్త ఇక్కడే

బ్రోకరుకు 30,000 క్యాష్ కావాలి. మా వాడి కార్డు లిమిట్ పది వేలు, అదీ నేను పెట్టించిందే. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి కార్డుకూ ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్ లిమిట్లను మీరే మార్చుకునే వీలు బ్యాంకు ఇవ్వాలి, అదీ రోజంతా.

బ్యాంకు యాప్ తెరిచి కార్డుల పేజీకి వెళ్ళండి. కార్డ్ కంట్రోల్స్ అనో, మేనేజ్ కార్డ్ అనో ఉంటుంది. అక్కడ దేశంలో వాడకం, విదేశంలో వాడకం అని రెండు భాగాలుంటాయి. తొందరలో రెండో దాంట్లోకి వెళ్ళి అది ఆన్ చేసేవాళ్ళను చూశాను. మీరు ముట్టుకోవాల్సింది దేశంలో వాడకం కింద ఏటీఎం అన్న ఒక్క వరుసనే. ఆన్‌లైన్, దుకాణం వరుసలు ఉన్నవి ఉన్నట్టే వదిలేయండి.

లిమిట్ మార్చే గీతను బొటనవేలితో లాగకండి. చిన్న తెరమీద అది జారి చివరిదాకా పోతుంది, ముప్పై వేలు అనుకున్నది లక్ష అవుతుంది. అంకె టైప్ చేసే పెట్టె ఉంటే అందులోనే 30000 కొట్టి, సున్నాలు లెక్కపెట్టి, అప్పుడు సేవ్ చేయండి. ఓటీపీ వస్తుంది. ఆ మెసేజ్ మొత్తం చదవండి, ఓటీపీ దేనికో అందులోనే రాసి ఉంటుంది. కార్డు లిమిట్ అని కాకుండా ఇంకేదైనా కనిపిస్తే అక్కడే ఆపేయండి. సేవ్ అయ్యాక బయటికి వచ్చి మళ్ళీ అదే పేజీ తెరిచి అంకె చూడండి. లిమిట్ మారిందని బ్యాంకు నుంచి మెసేజ్ కూడా రావాలి.

యాప్ ముప్పై వేల అంకె తీసుకోకపోతే మీ కార్డు రకానికి ఉన్న పైగీత అంతకంటే తక్కువన్నమాట. దాన్ని పెంచాలంటే కార్డు రకమే మార్చుకోవాలి, బ్రాంచికో నెట్ బ్యాంకింగ్‌కో వెళ్ళాలి.

ఈ పని ఇంకెవరి చేతా చేయించుకోవద్దు. "సార్, మీ ఏటీఎం లిమిట్ పెంచుతాం" అని ఫోన్ వస్తే అది మోసమే. స్క్రీన్ షేర్ చేయమంటారు, వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు, చివరికి యూపీఐ పిన్ కొట్టమంటారు. కార్డు లిమిట్ మార్చడానికి యూపీఐ పిన్‌తో పనే లేదు. బ్యాంకు నంబరు కోసం నెట్‌లో వెతకడం కూడా మానేయండి, కార్డు వెనకాలే ఉంటుంది.

డబ్బు తీసేటప్పుడు మీ బ్యాంకు ఏటీఎంకే వెళ్ళండి. వేరే బ్యాంకు మెషీన్ చాలాసార్లు ఒక్కసారికి పది వేలే ఇస్తుంది. ముప్పై వేలకు మూడుసార్లు. బెంగళూరు, చెన్నై లాంటి మెట్రోల్లో వేరే బ్యాంకు ఏటీఎం నెలకు మూడుసార్లే ఉచితం, బ్యాలెన్స్ చూసినా ఒకటి లెక్కే. నాలుగోసారికి 23 రూపాయల దాకా, పైన జీఎస్టీ.

తగ్గించడం

అందరూ మరిచిపోయేది ఇదే. ఏటీఎం గది నుంచి బయటికి రాగానే, బ్రోకరుకు డబ్బు ఇవ్వకముందే, మళ్ళీ పది వేలకు దించండి. ఇంటికెళ్ళి చేద్దామంటే చేయరు. తేదీ మారగానే ఏటీఎం లెక్క మొదటికి వచ్చే కార్డయితే, దొంగ రాత్రి 11:50కి ఒకసారి, 12:10కి ఇంకోసారి తీస్తాడు. లిమిట్ పది వేలుంటే మీకు పోయేది ఇరవై వేలు. ముప్పై వేలే వదిలేసి ఉంటే అరవై వేలు.

మీరు మార్చకుండానే లిమిట్ మారిందని మెసేజ్ వస్తే, దాంట్లోని లింకు నొక్కకుండా యాప్‌లోకి వెళ్ళి కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. డబ్బు పోయి ఉంటే 1930కి కూడా ఫోన్ చేయండి. పొద్దున చూద్దాం అనుకోవద్దు.