జీపీఏ 3.0 కిందికి పడితే: అమెరికా ఎంఎస్‌లో ప్రొబేషన్ నుంచి బయటపడే దరఖాస్తు విధానం

అమెరికాలో ఎంఎస్ చేసే మన పిల్లల్లో చాలామందికి మొదటి సెమిస్టర్ గ్రేడ్లు డిసెంబర్ చివర్లో వస్తాయి. ఆ వెంటనే కొందరికి గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి ‘అకడమిక్ ప్రొబేషన్’ అని, అంటే గ్రేడ్లు తగ్గాయి, గడువులోగా పెంచుకోవాలి అనే హెచ్చరికతో, మెయిల్ వస్తుంది. అక్కడ చాలా యూనివర్సిటీల్లో మాస్టర్స్ విద్యార్థుల మొత్తం జీపీఏ 3.0 కంటే తగ్గకూడదు. బ్యాచిలర్స్‌కు ఈ గీత సాధారణంగా 2.0 దగ్గర ఉంటుంది. బీటెక్‌లో పాసైతే చాలనుకునే అలవాటు ఉన్నవాళ్లకు, సి గ్రేడ్‌తో పాసైనా ప్రొబేషన్ రావడం అర్థం కాదు. ఇక్కడ బి అంటేనే కనీస స్థాయి.

ఆ మెయిల్ చూడగానే టెన్షన్‌తో మూసేయకుండా మూడు విషయాలు వెతకండి. 3.0ని మొత్తం జీపీఏ మీద చూస్తారా, ఆ ఒక్క సెమిస్టర్ జీపీఏ మీద కూడా చూస్తారా అన్నది మొదటిది. తిరిగి పైకి రావడానికి ఒక సెమిస్టర్ గడువు ఇచ్చారా, ఇన్ని క్రెడిట్లు పూర్తయ్యేదాకా ఇచ్చారా అన్నది రెండోది. ప్రొబేషన్ ప్లాన్ ఫారం ఎప్పటిలోగా ఇవ్వాలి, దాని మీద ఎవరెవరి సంతకాలు కావాలి అన్నది మూడోది. చాలాచోట్ల ఆ ఫారం అందేదాకా రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెడతారు. అది తీయించుకునే లోపు మీకు కావలసిన కోర్సుల్లో సీట్లు నిండిపోవచ్చు. అందుకే ఫారం పని సెలవుల్లోనే మొదలుపెట్టాలి.

సంతకానికి ముందు లెక్క

జీపీఏను సగటుగా చూస్తే మోసపోతాం, బాకీగా చూడాలి. ప్రతి గ్రేడ్‌కు పాయింట్లు ఉంటాయి: ఏకు 4, ఏ మైనస్‌కు 3.7, బి ప్లస్‌కు 3.3, బికి 3, బి మైనస్‌కు 2.7, సి ప్లస్‌కు 2.3, సికి 2. వాటిని క్రెడిట్లతో గుణిస్తే క్వాలిటీ పాయింట్లు వస్తాయి. కొన్ని యూనివర్సిటీలు 3.7 బదులు 3.67, 3.3 బదులు 3.33 వాడతాయి కాబట్టి మీ కేటలాగ్‌లోని పట్టికే తీసుకోండి.

ఒక విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు చేశాడనుకుందాం. ఒకదాంట్లో బి, ఒకదాంట్లో బి మైనస్, ఇంకోదాంట్లో సి ప్లస్ వచ్చాయి. పాయింట్లు 9, 8.1, 6.9, మొత్తం 24. తొమ్మిది క్రెడిట్లతో భాగిస్తే జీపీఏ 2.67. 3.0కి 27 పాయింట్లు ఉండాలి కాబట్టి బాకీ 3 పాయింట్లు. వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ 9 క్రెడిట్లు తీసుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

```
3.0 × (9 + 9) − 24 = 30
30 ÷ 9 = 3.33
```

అంటే ఆ సెమిస్టర్‌లో 30 పాయింట్లు తేవాలి. ఒక ఏ, రెండు బిలు వస్తే సరిగ్గా 30. ఏ మైనస్, బి ప్లస్, బి వచ్చినా సరిగ్గా 30. కానీ మూడు కోర్సుల్లోనూ బి ప్లస్ వస్తే 29.7 మాత్రమే, మొత్తం జీపీఏ 2.98 దగ్గర ఆగిపోతుంది. ‘అన్నీ బి ప్లస్ వచ్చాయి కదా’ అనుకున్న విద్యార్థి ప్రొబేషన్‌లోనే ఉండిపోతాడు. 2.98ని 3.0గా గుండ్రం చేస్తారని ముందే నమ్మకండి.

నాలుగో కోర్సు కలిపితే తేలికవుతుందని కొందరు అనుకుంటారు. 12 క్రెడిట్లకు కావలసిన సగటు 3.25కి దిగుతుంది, నిజమే. కానీ బాకీ మాత్రం అవే 3 పాయింట్లు. ఆ అదనపు కోర్సులో బి వస్తే ఒక్క పాయింటు కూడా తీరదు, మిగతా మూడింటికి ఉన్న టైమ్ పోతుంది. నా సలహా అడిగితే, తొమ్మిది క్రెడిట్లే తీసుకుని, ఏ వస్తుందన్న నమ్మకమున్న కోర్సు ఒకటి అందులో ఉండేలా చూసుకోండి.

ఎఫ్ ఉంటే కథ వేరు. రెండు బిలు, ఒక ఎఫ్ వస్తే బాకీ 9 పాయింట్లు. 9 క్రెడిట్లతో అది తీరాలంటే మూడూ ఏలే రావాలి. అప్పుడు ఆ కోర్సును మళ్లీ చదివితే పాత గ్రేడ్ లెక్కలోంచి తీసేస్తారా, రెండూ కలిపి లెక్కిస్తారా అని ముందే అడగండి. గ్రాడ్యుయేట్ స్థాయిలో రెండింటినీ లెక్కించే చోట్లు ఉన్నాయి.

ఫారం నింపడం

ప్లాన్ ఫారంలో సాధారణంగా వచ్చే సెమిస్టర్ కోర్సులు, ఒక్కోదానిలో లక్ష్యంగా పెట్టుకున్న గ్రేడ్, జీపీఏ పడిపోవడానికి కారణం, మీరు మార్చుకోబోయేది అడుగుతారు. పైన చెప్పిన లెక్క వేసుకుని అడ్వైజర్ దగ్గరికి వెళ్లండి. ‘బాగా కష్టపడతాను’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ‘ముందుగా చదవాల్సిన స్టాటిస్టిక్స్ లేకుండా మెషీన్ లెర్నింగ్ తీసుకున్నాను, ఈసారి ఆ స్టాటిస్టిక్స్ కోర్సు తీసుకుంటున్నాను, క్యాంపస్ ఉద్యోగం 20 గంటల నుంచి 10కి తగ్గిస్తున్నాను’ అని రాస్తే అడ్వైజర్ సంతకం పెట్టడానికి ఒక ఆధారం ఉంటుంది. అనారోగ్యం కారణమైతే కాగితాలు జతచేయండి. అసిస్టెంట్‌షిప్ ఉంటే అది కొనసాగుతుందో లేదో అదే రోజు అడగండి, ఎందుకంటే చాలావాటికి 3.0 షరతు ఉంటుంది.

ఎఫ్-1 వీసా ఉన్నవాళ్లు

ప్రొబేషన్ వచ్చినంత మాత్రాన వీసా స్టేటస్ పోదు. పోయేది ఆ భయంలో చేసే పనుల వల్ల. సెమిస్టర్ మధ్యలో ఒక కోర్సు కష్టంగా ఉందని విత్‌డ్రా చేస్తే డబ్ల్యూ వస్తుంది, జీపీఏలో కలవదు. కానీ ఫుల్ టైమ్‌కు కావలసిన క్రెడిట్లు తగ్గిపోతాయి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్ఓ అనుమతి తీసుకున్నాకే కోర్సు వదలాలి, వదిలాక అడిగితే ఆలస్యమైనట్టే. చదువులో ఇబ్బంది కారణంగా ఇచ్చే అనుమతికి కూడా పరిమితులున్నాయి: ఇంగ్లీషు, రీడింగ్ విషయంలో మొదట్లో ఎదురయ్యే ఇబ్బంది, అమెరికా బోధన పద్ధతి కొత్త కావడం, తప్పు స్థాయి కోర్సులో చేరడం లాంటి కారణాలే చెల్లుతాయి. అప్పుడైనా కనీసం సగం లోడ్ ఉండాలి. ఆన్‌లైన్ కోర్సులతో సర్దుకుందామన్నా, ఫుల్ టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సే, అదీ మూడు క్రెడిట్ల దాకానే వస్తుంది.

ఇంకొకటి చాలామందికి ఆఖర్లో తెలుస్తుంది. ప్రొబేషన్ వల్ల చదువు ఆలస్యమైందని చెప్పి, చదువు ముగింపు తేదీతో యూనివర్సిటీ ఇచ్చే పత్రమైన ఐ-20 పొడిగింపు అడగలేరు, ఎఫ్-1 నిబంధనలు ఆ కారణాన్ని పేరుపెట్టి మరీ కాదన్నాయి. కాబట్టి మళ్లీ చదవాల్సిన కోర్సులు ఐ-20 మీది ముగింపు తేదీలోపు పడతాయా అని ప్లాన్ ఫారంతో పాటే చూసుకోండి.

గ్రేడ్లు వచ్చాక

సెమిస్టర్ చివర గ్రేడ్లన్నీ పడ్డాక స్టాండింగ్ మళ్లీ లెక్కిస్తారు. ఏ కోర్సులోనైనా పని పూర్తికాక గ్రేడ్ బదులు ఇన్‌కంప్లీట్ ఉంటే ఆ పాయింట్లు ఇంకా కలవవు కాబట్టి, 3.0 అంచున ఉన్నవాళ్లు ఇన్‌కంప్లీట్ అడగకపోవడం మేలు. పోర్టల్‌లో ‘గుడ్ స్టాండింగ్’ అని మారిందో లేదో చూసి, మారకపోతే మీ లెక్కతో సహా గ్రాడ్యుయేట్ స్కూల్‌కు మెయిల్ పెట్టండి.

ఇంకా కిందే ఉంటే రెండు దారులు ఉండవచ్చు. ఆ ఒక్క సెమిస్టర్ జీపీఏ 3.0 దాటితే కొన్నిచోట్ల ప్రొబేషన్ పొడిగిస్తారు. లేదంటే డిస్మిసల్ లెటర్ వస్తుంది, అప్పీల్‌కు గడువు తక్కువగా ఉంటుంది. డిస్మిస్ అయితే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో మీ రికార్డు కూడా ముగిసే ప్రమాదం ఉంది కనుక, ఆ లెటర్ వచ్చిన రోజే డీఎస్ఓను కలవండి. అప్పీల్‌లో పాత ప్లాన్‌లో ఏది జరిగింది, ఏది జరగలేదు, ఇంకా ఎన్ని పాయింట్ల బాకీ ఉంది, ఏ కోర్సులో ఏ గ్రేడ్‌తో అది తీరుతుంది అన్నది అంకెలతో రాసి, అడ్వైజర్ మద్దతు లేఖ జతచేసి పంపండి.