వైవాలో "ఇంతకీ మీరు ఏం తేల్చినట్టు?" అన్నప్పుడు తడబడుతుంటే

ఒక డిసర్టేషన్ ఉందనుకుందాం. 120 మంది విద్యార్థులకు ప్రశ్నావళి పంపి, రాత్రిపూట ఫోన్ ఎన్ని గంటలు చూస్తారో, నిద్ర ఎలా పడుతోందో అడిగారు. నిద్రకు స్కోరు వేశారు. స్కోరు ఎక్కువైతే నిద్ర బాగున్నట్టు. రెండింటి మధ్య కోరిలేషన్ r = −0.30, p < 0.001 వచ్చింది. చివరి అధ్యాయంలో "ఫోన్ వాడకం నిద్రను పాడుచేస్తుందని తేలింది" అని రాశారు. ఎగ్జామినర్ వేలు పెట్టేది ఈ వాక్యం మీదే. నేను విన్న మాక్ వైవాల్లో కూడా ఎక్కువమంది ఇలాంటి చోటే ఆగిపోయారు.

సమస్య: "ఫోనే కారణమని ఎలా చెప్పగలరు?" అంటే "p విలువ చాలా తక్కువ వచ్చింది సార్" తప్ప ఇంకో జవాబు రాదు

కారణం: p విలువ ఏ ప్రశ్నకు జవాబో మనసులో స్పష్టంగా లేదు. అసలు ఏ సంబంధమూ లేకపోయినా, ఇంత పెద్ద కోరిలేషన్ గానీ, ఇంతకన్నా పెద్దది గానీ కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంత అన్నదే అది చెబుతుంది. "మా ఫలితం 99.9 శాతం నిజం" అని దానర్థం కాదు. ఏది కారణం, ఏది ఫలితం అన్నదీ అది చెప్పదు. నిద్ర పట్టకే ఫోన్ పట్టుకుని ఉండొచ్చు. పరీక్షల టెన్షన్ వల్ల నిద్రా పోయి, ఫోనూ పెరిగి ఉండొచ్చు. అందరినీ ఒక్కసారే అడిగిన సర్వేతో ఈ మూడింటినీ విడదీయడం కుదరదు.

పరిష్కారం: ముందు మీ ఫలితం సైజు తెలుసుకోండి. r = −0.30ని వర్గం చేస్తే 0.09. అంటే నిద్ర స్కోర్లలోని వేరియన్స్‌లో 9 శాతం మాత్రమే ఫోన్ గంటలతో ముడిపడి ఉంది. మిగతా 91 శాతం సంగతి ఈ లెక్క చెప్పలేదు. 120 మందికి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు −0.45 నుంచి −0.13 దాకా వస్తుంది. అంటే అసలు సంబంధం ఓ మోస్తరుది కావచ్చు, చాలా బలహీనమైనదీ కావచ్చు.

ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది: "మా శాంపిల్‌లో రాత్రి ఎక్కువసేపు ఫోన్ చూస్తున్నామన్నవాళ్ల నిద్ర స్కోరు కొంత తక్కువగా ఉంది. ఏది దేనికి కారణమో ఈ సర్వే చెప్పలేదు." కొందరికి ఇది వెనక్కి తగ్గినట్టు అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ వాక్యమే గట్టిది, ఎందుకంటే దీన్ని ఏ వైపు నుంచి ప్రశ్నించినా నిలబడుతుంది. టైటిల్‌లో "ప్రభావం" అనే మాట ఉంటే దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఆ మాట వాడకుండా ఉండాల్సిందని ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు.

సమస్య: "మీ పరిమితులేంటి?" అంటే "శాంపిల్ చిన్నది, సమయం చాలలేదు" అని ఆగిపోతారు

కారణం: ఆ పరిమితి ఫలితాన్ని ఎటు లాగిందో ఆలోచించలేదు. ఎగ్జామినర్ తర్వాతి ప్రశ్న "అయితే ఏమవుతుంది?" అనే.

పరిష్కారం: ఒక్కో పరిమితికి దిశ చెప్పండి. ప్రశ్నావళిని ఫోన్ గ్రూపుల్లోనే పంపారనుకోండి. ఫోన్ తక్కువ వాడేవాళ్లు దాదాపు రారు. గంటల్లో తేడా కుదించుకుపోయి, కోరిలేషన్ సాధారణంగా అసలు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఇక గంటలు వాళ్లు అంచనాగా చెప్పినవి. తప్పులు అటూ ఇటూ సమానంగా ఉంటే సంబంధం బలహీనంగా కనిపిస్తుంది. కానీ నిద్ర సరిగా లేనివాళ్లు "ఫోన్ వల్లే" అనుకుని గంటలు ఎక్కువ చేసి చెబితే, ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది. ఎటు లాగిందో తేల్చలేకపోతే, రెండు అవకాశాలూ చెప్పి, తేల్చడానికి ఏ డేటా కావాలో చెప్పండి. ఇక్కడైతే ఫోన్‌లోనే నమోదయ్యే స్క్రీన్ సమయం.

సమస్య: "ఈ పద్ధతే ఎందుకు?" అంటే పాఠ్యపుస్తకంలోని నిర్వచనం వచ్చేస్తుంది

కారణం: పద్ధతి పేరు గుర్తుంది, దాన్ని ఎంచుకున్న రోజు గుర్తులేదు. పాత నోట్సు, గైడ్‌కు రాసిన మెయిళ్లు తీసి చూడండి. ప్రతి నిర్ణయం పక్కనా వదిలేసిన దారి, వదలడానికి కారణం, దానివల్ల పోగొట్టుకున్నది రాయండి. "రెండు వారాలు నిద్ర డైరీ రాయించాలనుకున్నాను. మధ్యలో మానేస్తారని సర్వేకు మారాను. దాంతో రోజువారీ మార్పు చూసే వీలు పోయింది." జవాబుకు ఈ మూడు వాక్యాలు చాలు. నిజంగానే అందుబాటులో ఉన్నవాళ్లను తీసుకుని ఉంటే అదే చెప్పండి. ర్యాండమ్ శాంపిల్ అనకండి, తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

వైవాకు వారం ముందు చివరి అధ్యాయం ప్రింట్ తీసి, "తేలింది", "నిరూపించాం", "వల్ల" అన్న మాటలన్నిటి కిందా ఎర్రగీత గీయండి. ఒక్కో గీత దగ్గర, ఆ మాటకు ఆధారమైన పట్టిక నంబరు మార్జిన్‌లో రాయండి. నంబరు దొరకని వాక్యాలను మీ శాఖ కాని స్నేహితుడికి ఇచ్చి, వాటి మీదే ప్రశ్నలు అడగమనండి. జవాబు మనసులో అనుకోకుండా, పైకి చెప్పండి.