పాఠం 4: డాప్లర్ రిపోర్టులో ‘సిరల లీకు’ అని ఉంటే

గత పాఠంలో అంగస్తంభన సమస్యకు చేసే డాప్లర్ స్కాన్ చూశాం. గుండె కొట్టుకున్నప్పుడు ధమనిలో రక్తం అందుకునే గరిష్ఠ వేగం PSV, గుండె వదులైన దశ చివర మిగిలే వేగం EDV. ఈ అంకెలు చదవడం నేర్చుకున్నాక, హనుమకొండ, జనగామ, హుజూరాబాద్ పాఠకులు చాలామంది దాదాపు ఒకే ప్రశ్న పంపారు: “EDV 5 దాటింది, అంటే సిరల లీకు ఉన్నట్టే కదా?” అందుకే ఈసారి కొత్త పరీక్షకు వెళ్లే ముందు ఈ చిక్కు విప్పాలి.

అంగంలోకి స్తంభన తెప్పించే సూదిమందు ఇచ్చి, ధమనిలో రక్తవేగాన్ని అయిదేసి నిమిషాలకు ఒకసారి కొలుస్తారు. PSV సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే ధమని బాగున్నట్టు, 25 లోపుంటే ప్రవాహం తగ్గినట్టు. EDV 5 దాటితే రక్తం లోపల నిలవక సిరల గుండా జారిపోతోందని, అంటే సిరల లీకు ఉందని అనుమానిస్తారు. అయితే ఈ అనుమానానికి ఒక షరతు ఉంది, అదే నాకు విసుగు తెప్పించే చోటు: లోపలి నునుపు కండరం పూర్తిగా వదులైతేనే సిరలు నొక్కుకుపోయి మూసుకుంటాయి. చల్లని గదిలో, తలుపు అవతల మనుషుల మాటలు వినబడుతుండగా, సూదికి భయపడి పడుకున్న కుర్రవాడిలో అడ్రినలిన్ ఆ కండరాన్ని బిగించే ఉంచుతుంది. అప్పుడు సిరల్లో లోపమేమీ లేకున్నా రిపోర్టులో లీకు కనబడుతుంది.

ఉదాహరణకు 26 ఏళ్ల యువకుడిని తీసుకుందాం. పది నిమిషాలకు PSV 42, EDV 9. స్తంభన సగమే వచ్చింది, రిపోర్టులో ‘లీకు’ అని రాశారు. కానీ తెల్లవారుజామున అతనికి స్తంభన గట్టిగానే వస్తుంది. రాత్రి పరీక్ష అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. అంగం మొదట్లో, కొనన తొడిగిన రెండు ఉంగరాలు నిద్రలో గట్టిదనాన్ని నమోదు చేస్తాయి. కొన దగ్గర 60 శాతం గట్టిదనం కనీసం పది నిమిషాలు నిలిస్తే సాధారణమనే లెక్క. రెండో రాత్రి ఇతనికి 70 శాతం పావుగంట నిలిచింది. తరువాత మందు మోతాదు పెంచి, ఏకాంతంలో మళ్లీ స్కాన్ చేస్తే EDV సున్నాకు దిగింది. లీకు లేదు.

నిద్ర సరిగా పట్టకున్నా, మద్యం తాగినా రాత్రి పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది కనుక ఒక్క రాత్రితో తేల్చకూడదు.

మధుమేహం, రక్తపోటు ఉండి స్తంభన మాత్రలకు గుణం కనబడుతున్న వారికి ఈ రెండు పరీక్షలూ సాధారణంగా అక్కరలేదు. చక్కెర, కొవ్వు, ఉదయపు టెస్టోస్టిరాన్ చూస్తే చాలు. బండి ప్రమాదంలో కటి ఎముక విరిగిన యువకులకు, మాత్రలు పనిచేయని వారికి, శస్త్రచికిత్స ఆలోచనలో ఉన్నవారికి స్కాన్ చేయించడం సబబు. సూది తరువాత స్తంభన నాలుగు గంటలు దాటితే ఆలస్యం చేయక అత్యవసర విభాగానికి వెళ్లాలి.

అభ్యాసం: 52 ఏళ్ల మధుమేహ రోగికి PSV 18, EDV 6. దీన్ని లీకు అనవచ్చా? కారణం రాసి, స్కాన్ చేసిన వైద్యుడిని అడగవలసిన రెండు ప్రశ్నలు కూడా రాయండి.